303వ సెక్షన్ పక్కన ఏం రాసుకోవాలి?

స్నేహితుడి ఇంటికి వెళ్లారు, అతను ఊళ్లో లేడు. అలమరలో కనబడిన పుస్తకాన్ని చదివి తిరిగి ఇచ్చేద్దామని వెంట తెచ్చుకున్నారు. ఇది దొంగతనమా? వేరొకరి ఇంట్లో బల్లమీద ఉన్న ఉంగరం తీసి జేబులో వేసుకుంటే ఏమవుతుంది? అదే ఉంగరం నడిరోడ్డు మీద దొరికితే? రిపేరుకిచ్చిన మన వాచీనే దుకాణం నుంచి మనం ఎత్తుకొచ్చేస్తే?

ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు ఒకే సెక్షన్‌లో, దాని కిందే అచ్చయి ఉన్నాయి. అది భారతీయ న్యాయ సంహిత 303. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టంలో దొంగతనాన్ని నిర్వచించేది ఈ సెక్షనే. అంతకుముందు ఇండియన్ పీనల్ కోడ్‌లో నిర్వచనం 378లో, శిక్ష 379లో ఉండేవి. ఇప్పుడు రెండూ ఒకే సెక్షన్‌లో రెండు ఉపవిభాగాలుగా కలిశాయి. లా చదివే విద్యార్థి పరీక్షల ముందు రివిజన్ నోట్సు రాసుకునేటప్పుడు ఈ సెక్షన్ దగ్గర తడబడటం మామూలే. అసలు వాక్యం మూడు వరుసలే కానీ దాని కింద ఐదు వివరణలు, పదహారు ఉదాహరణలు, ఆఖర్న ఒక ప్రొవైజో ఉన్నాయి. చాలా నోట్సుల్లో ఇవన్నీ బేర్ యాక్ట్‌లో ఉన్న వరుసలోనే మళ్లీ కనిపిస్తాయి. అలా ఎత్తి రాసుకుంటే చేతికి నొప్పే తప్ప చట్టం లోపలికి చూపు వెళ్లదు. ఒక్కో వివరణ, ఒక్కో ఉదాహరణ అసలు వాక్యంలోని ఏ మాట కోసం పుట్టిందో పట్టుకుని ఆ మాట పక్కనే రాసుకోవాలి. నోట్సు అంటే నా దృష్టిలో అదే. 303ను అలా విప్పి చూద్దాం.

సెక్షన్ సారాంశం ఇది: ఒక వ్యక్తి స్వాధీనంలో ఉన్న చరాస్తిని, అతని సమ్మతి లేకుండా, నిజాయితీ లేని ఉద్దేశంతో తీసుకోవాలనుకుని, అలా తీసుకోవడానికి దాన్ని కదిలిస్తే దొంగతనం చేసినట్టు. పెన్సిలు తీసుకుని చూస్తే ఇందులో గీత గీయాల్సిన మాటలు ఐదే: నిజాయితీ లేని ఉద్దేశం, చరాస్తి, స్వాధీనం, సమ్మతి, కదిలించడం. నోట్సు పేజీని ఈ ఐదు మాటల కింద ఐదు గదులుగా చేసుకుంటే సెక్షన్‌లోని సరుకంతా ఏదో ఒక గదిలోకి చేరిపోతుంది. శిక్ష, ప్రొవైజోలకు వేరే చోటు కావాలి.

ముందు చరాస్తి. దీని అర్థం 303లో దొరకదు. నిర్వచనాలన్నీ చట్టం మొదట్లో, రెండో సెక్షన్‌లో ఉన్నాయి. 2(21) ప్రకారం భూమి, భూమికి అంటుకుని ఉన్నవి, అలా అంటుకున్న వాటికి శాశ్వతంగా బిగించినవి తప్ప అన్ని రకాల ఆస్తీ చరాస్తే. మరి చెట్టు సంగతి? నేలలో పాతుకుని ఉన్నంతసేపు అది చరాస్తి కాదు కనుక దొంగతనానికి అందదు. నేల నుంచి వేరైన క్షణం నుంచి అందుతుంది. మొదటి వివరణ చెప్పేది ఇదే. ఏ పనితో చెట్టు నేల నుంచి వేరైందో అదే పనితో అది కదిలినా దొంగతనం కావచ్చని రెండో వివరణ చెబుతుంది. పరాయి వాడి స్థలంలో చెట్టు నరికిన (ఎ) ఉదాహరణ ఈ రెండింటికీ జత. కాబట్టి రెండు వివరణలూ, ఆ ఉదాహరణా ఒకే గదిలో ఉండాలి.

ఇసుక కూడా ఈ గదిలోకే వస్తుంది. నది అడుగున ఉన్న ఇసుక భూమిలో భాగం. తవ్వి లారీకి ఎత్తితే భూమి నుంచి వేరైనట్టు. అనుమతి లేకుండా ఇసుక తవ్వుకుపోయే వాళ్లపై గనుల చట్టం కింద ఫిర్యాదు ఒక్కటే మార్గం అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఢిల్లీ ప్రభుత్వానికీ సంజయ్ అనే వ్యక్తికీ మధ్య నడిచిన కేసులో 2014లో కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. గనుల చట్టం కింద నేరం వేరు, ప్రభుత్వ ఆస్తి అయిన ఇసుకను దొంగిలించిన నేరం వేరు, రెండోదానిపై పోలీసులు కేసు పెట్టడానికి అడ్డేమీ లేదని తేల్చింది. గోదావరి, కృష్ణ తీరాల్లో ఉండేవాళ్లకు మొదటి వివరణను గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరి కేసు అక్కర్లేదు.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా రాసుకోవాలి. పాత పీనల్ కోడ్ 22వ సెక్షన్ చరాస్తిని భౌతిక రూపం ఉన్న ఆస్తిగా చెప్పింది. కొత్త నిర్వచనంలో భౌతిక రూపం అన్న మాట లేదు. సీనియర్ల దగ్గర తెచ్చుకున్న పాత నోట్సులో సెక్షన్ నంబర్లు మాత్రం మార్చి సరిపెట్టుకునేవాళ్లు దీన్ని గమనించరు. చేతికి తగలని ఆస్తి దొంగతనానికి అందుతుందా అన్న చర్చకు తలుపు తీసిన మార్పు ఇది. కరెంటు మాటకొస్తే దాని చౌర్యానికి విద్యుత్ చట్టం, 2003లో 135వ సెక్షన్ విడిగా ఉంది.

స్వాధీనం గది అన్నింటికంటే పెద్దది. గమనించండి, సెక్షన్ ఎక్కడా యజమాని అనదు. ఎవరి స్వాధీనంలో ఉందన్నదే చూస్తుంది. ఆ తేడా పట్టుబడితే ఉదాహరణల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి. బల్లమీది ఉంగరం ఆ ఇంట్లో ఉంటున్నవాడి స్వాధీనంలో ఉంది, తీస్తే దొంగతనం. అది (ఎఫ్). రోడ్డు మీద పడి ఉన్న ఉంగరం ఎవరి స్వాధీనంలోనూ లేదు కాబట్టి తీసుకోవడం దొంగతనం కాదు, కానీ 314 కింద సొత్తును అక్రమంగా సొంతం చేసుకున్న నేరం కావచ్చు. అది (జి). ఈ రెండిటినీ ఎదురెదురుగా రాసుకుంటే జీవితంలో మర్చిపోరు.

ఇలాంటిదే మరో జంట (డి), (ఇ). యజమాని వెండి సామాను అప్పగిస్తే దాంతో పారిపోయిన పనివాడిది దొంగతనం. అదే సామాను గిడ్డంగి నడిపేవాడికి అప్పగించి ఊరెళితే, అతను అమ్ముకుంటే అది దొంగతనం కాదు, 316 కిందకి వచ్చే నమ్మకద్రోహం కావచ్చు. ఇద్దరికీ అప్పగించిందీ ఒకటే, ఇద్దరూ కాజేసిందీ ఒకటే, మరి నేరం ఎందుకు మారింది? జవాబు 303లో లేదు, 3(3)లో ఉంది. భార్య లేదా భర్త, గుమాస్తా, పనివాడు, వీళ్లలో ఎవరైనా మన తరఫున పట్టుకున్న సొత్తు మన స్వాధీనంలో ఉన్నట్టే అని ఆ ఉపవిభాగం చెబుతుంది. పనివాడి చేతిలో ఉన్నా వెండి యజమాని స్వాధీనం దాటలేదు, కనుక పనివాడు దాన్ని ఆ స్వాధీనంలోంచి తీశాడు. గిడ్డంగివాడికి ఇచ్చినప్పుడు స్వాధీనమే చేతులు మారింది. ఉదాహరణ పక్కన ‘3(3) చూడు’ అని రాసుకోని నోట్సులో ఈ జంట ఒక పొడుపు కథలా మిగిలిపోతుంది. ఇంకో చిన్న గుర్తు కూడా అవసరం. గుమాస్తా, పనివాడు చేసే దొంగతనానికి 306లో ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. నిర్వచనం కోసం 303, శిక్ష కోసం 306.

నిజాయితీ లేని ఉద్దేశం అన్న గదిలో నోట్సులు ఎక్కువగా తప్పుతాయి. 2(7) ప్రకారం ఒకరికి అక్రమ లాభం గానీ, మరొకరికి అక్రమ నష్టం గానీ కలిగించాలన్న ఉద్దేశంతో చేసేది నిజాయితీ లేని పని. అక్రమ లాభం ఏమిటో 2(36), అక్రమ నష్టం ఏమిటో 2(37) చెబుతాయి. ఒకరి సొత్తును వాళ్లకు దక్కకుండా అక్రమంగా దూరం పెట్టినా నష్టమేనని 2(38) కలుపుతుంది. అంటే 303లో ఒక్క మాట అర్థం కావాలంటే రెండో సెక్షన్‌లో నాలుగు మెట్లు దిగాలి. ఈ మెట్లు ఎక్కించకుండా చాలామంది ‘శాశ్వతంగా కాజేసే ఉద్దేశం ఉండాలి’ అని రాసేసుకుంటారు. అది ఇంగ్లండ్ చట్టం. అక్కడి 1968 థెఫ్ట్ యాక్ట్‌లో ఆ షరతు ఉంది, మన చట్టంలో లేదు. జెడ్ సొత్తును ఎ తీసుకెళ్లి, బహుమానం ఇస్తేనే తిరిగి ఇద్దామని దగ్గర పెట్టుకుంటాడు. తిరిగి ఇచ్చే ఉద్దేశం అతనికి ఉంది, అయినా దొంగతనమే అంటుంది (ఎల్) ఉదాహరణ.

సుప్రీంకోర్టు ఈ మాటను రెండుసార్లు గట్టిగా చెప్పింది. 1952లో జోధ్‌పూర్ వైమానిక దళ అకాడమీలో శిక్షణలో ఉన్న మెహ్రా అనే కేడెట్, అనుమతి లేకుండా ఒక హార్వర్డ్ విమానాన్ని గాల్లోకి లేపి పాకిస్తాన్‌లో దింపాడు. విమానాన్ని ఉంచుకోవాలన్నది అతని ఉద్దేశం కాదనుకున్నా, అనుమతి లేకుండా కాసేపు వాడుకోవడం అతనికి అక్రమ లాభం, ప్రభుత్వానికి అక్రమ నష్టం అని 1957లో కోర్టు అతన్ని దోషిగా తేల్చడాన్ని సమర్థించింది. రెండో కేసు అల్వర్‌కు చెందిన ప్యారేలాల్ భార్గవది. ఆఫీసు ఫైలును ఇంటికి తెచ్చి ఒక స్నేహితుడి చేతికిచ్చాడు, అందులో కాగితాలు మారాయి, ఫైలు మళ్లీ ఆఫీసు చేరింది. తిరిగి పెట్టేశాం కదా అన్న వాదనను తోసిపుచ్చుతూ తీర్పు రాసింది మన రాజమండ్రికి చెందిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. నోట్సులో ఈ రెండు కేసులూ (ఎల్) పక్కన ఒక్కో వాక్యంలో ఉంటే చాలు. తీర్పులోని పేరాలు ఎత్తి రాయనక్కర్లేదు.

సమ్మతి గది సులువు. సమ్మతి నోటితో చెప్పిందే కానక్కర్లేదు, పరిస్థితిని బట్టి ఉన్నట్టు అనుకోదగినదైనా చాలునని, స్వాధీనంలో ఉన్నవాడు గానీ అతని తరఫున అధికారం ఉన్నవాడు గానీ ఇవ్వవచ్చని ఐదో వివరణ చెబుతుంది. స్నేహితుడి పుస్తకం ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. చదువుకుని ఇస్తే అతనేమీ అనుకోడన్న భావనతో తెచ్చుకుంటే దొంగతనం కాదు, అది (ఎమ్). ఇల్లాలు భిక్ష వేస్తే, దానం చేసే అధికారం ఆమెకు ఉందనుకుని పుచ్చుకున్నవాడూ దొంగ కాడు, అది (ఎన్). కదిలించడం గదిలో మూడు, నాలుగు వివరణలు చేరతాయి. అడ్డు తీసి వస్తువు కదిలేలా చేసినా కదిలించినట్టే. పశువును తోలితే దానితోపాటు దాని మీద ఉన్నదాన్నీ కదిలించినట్టే. నిధి పెట్టె మోస్తున్న ఎద్దును దారి మళ్లించిన (సి) ఉదాహరణలో, ఎద్దు అడుగు వేసిన క్షణానే నేరం పూర్తయిపోతుంది. పెట్టె మీద చెయ్యి పడనక్కర్లేదు.

ఇన్ని ఉన్నా 303 కింద ‘మినహాయింపు’ అన్న శీర్షిక కనిపించదు. పరువునష్టానికి సంబంధించిన 356 కింద పది మినహాయింపులు వరుసగా అచ్చయి ఉంటాయి. దాన్ని చూసిన కంటితో ఇక్కడ ‘మినహాయింపులు లేవు’ అని రాసుకుంటే ఘోరమైన తప్పు. ప్రతి నేర నిర్వచనాన్నీ, శిక్షనూ, ఉదాహరణనూ సాధారణ మినహాయింపుల అధ్యాయానికి లోబడి చదవాలని, ఆ మాట ప్రతిచోటా మళ్లీ రాయకపోయినా అలాగే చదవాలని 3(1) ముందే చెప్పింది. ఆ అధ్యాయం 14 నుంచి 44 వరకు. ఏడేళ్లు నిండని పిల్లవాడు చేసిన పని నేరం కాదని 20 చెబుతుంది. మామూలు బుద్ధి, స్వభావం ఉన్న మనిషి ఫిర్యాదు చేయనంత స్వల్ప హాని నేరం కాదని 33 చెబుతుంది. ఈ రెండో దానికి ఒక ముచ్చటైన చరిత్ర ఉంది. 1837 నాటి ముసాయిదాను తయారుచేసిన మెకాలే బృందం, చట్టాన్ని అక్షరాలా పట్టుకుంటే ఎదుటివాడి సిరాలో కలం ముంచడం కూడా దొంగతనమే అవుతుందని గుర్తించి, అందుకే ఈ మినహాయింపు పెట్టింది.

మినహాయింపును విడిగా గుర్తించడం వెనుక అసలు కారణం రుజువు భారం. భారతీయ సాక్ష్య అధినియమం 108 ప్రకారం సాధారణ మినహాయింపు గానీ, ప్రత్యేక మినహాయింపు గానీ, ప్రొవైజో గానీ తనకు వర్తిస్తుందని చూపించాల్సింది నిందితుడే. ఇప్పుడు (పి) ఉదాహరణ చూడండి. బి దగ్గరున్న జెడ్ సొత్తును తనదేనని నిజంగా నమ్మి ఎ తీసుకుంటాడు, దొంగతనం కాదు. చూడ్డానికి మినహాయింపులా ఉన్నా ఇది మినహాయింపు కాదు. నిజాయితీ లేని ఉద్దేశమనే అంశమే ఇక్కడ లేదు, ఆ అంశాన్ని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్. అందుకే (పి)ని మినహాయింపుల కింద రాసుకుంటే నోట్సు తప్పుతోవ పట్టిస్తుంది. అది ఉద్దేశం గదిలోనే ఉండాలి.

ఇక 303(2), శిక్ష. మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి, ఆ తర్వాత దోషిగా తేలితే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, జరిమానా. దీని తోక కొత్తగా వచ్చిన ప్రొవైజో. ప్రొవైజో పని ముందున్న వాక్యం నుంచి కొంత కోసి పక్కన పెట్టడం, కాబట్టి ఎంత కోసిందో కొలిచి రాసుకోవాలి. ఇక్కడ మూడు షరతులు కలిసి రావాలి: దొంగిలించిన సొత్తు విలువ ఐదు వేల రూపాయలకు తక్కువ ఉండాలి, దోషిగా తేలడం మొదటిసారి అయి ఉండాలి, సొత్తును గానీ దాని విలువను గానీ తిరిగి ఇవ్వాలి. అప్పుడు శిక్ష సమాజ సేవ. సరిగ్గా ఐదు వేలైతే ప్రొవైజో అందదు. ‘మొదటిసారి’ అంటే దొంగతనానికి మొదటిసారా, ఏ నేరానికైనా మొదటిసారా? రెండోసారి శిక్ష గురించి చెప్పేటప్పుడు ‘ఈ సెక్షన్ కింద’ అన్న మాట ఉంది, ప్రొవైజోలో అది లేదు. ఇలాంటి చోట తెలిసినట్టు ఏదో ఒకటి రాసేయకుండా పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోవడమే మంచి నోట్సు లక్షణం. ఐదు వేల లోపు దొంగతనం బెయిలు ఇవ్వదగినది, మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేనిది కూడా. ఆ వర్గీకరణ నాగరిక్ సురక్షా సంహిత మొదటి షెడ్యూలులో ఉంది.

నోట్సు పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఒక సమస్య వేసుకుందాం. గుంటూరులో శ్రీను తన ఫోనును ఒక దుకాణంలో రిపేరుకిచ్చాడు. ఫోను విలువ 4,500, రిపేరు 800. డబ్బిస్తేనే ఫోను ఇస్తానన్నాడు దుకాణదారు. మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్లిన సమయం చూసి శ్రీను కౌంటర్ మీది ఫోను తీసుకెళ్లిపోయాడు. ఫోను చరాస్తి, కదిలింది, అందులో చర్చ లేదు. స్వాధీనం దుకాణదారుది, కుర్రాడు కౌంటర్‌లో కూర్చున్నా 3(3) వల్ల అది దుకాణదారుదే. సమ్మతి లేదు. మిగిలింది ఉద్దేశం. ఇక్కడ (ఐ), (జె) జంట కావాలి. బాకీ లేనివాడు వాచీల దుకాణం నుంచి తన వాచీని బలవంతంగా తెచ్చుకుంటే దొంగతనం కాదు, దౌర్జన్యం, అక్రమ ప్రవేశం కావచ్చు, అది (ఐ). బాకీ ఉండి, దానికి హామీగా దుకాణదారు చట్టబద్ధంగా పట్టి ఉంచిన వాచీని తీసుకుంటే దొంగతనం, అది (జె). అంటే తేలాల్సింది దుకాణదారుకు ఫోను పట్టి ఉంచే హక్కు ఉందా లేదా అన్నదే. ఆ హక్కు కాంట్రాక్టు చట్టం 170లో ఉంది. వస్తువు మీద పనితనం, శ్రమ పెట్టినవాడు కూలి ముట్టేదాకా దాన్ని అట్టే పెట్టుకోవచ్చు. కాబట్టి శ్రీను చేసింది దొంగతనమే, అది తన ఫోనే అయినా సరే.

ఒక్క వాక్యం మారిస్తే జవాబు తిరగబడుతుంది. ‘ఫోను పట్టుకెళ్లు, డబ్బులు ఒకటో తారీఖున ఇద్దువుగాని’ అని దుకాణదారు ముందే ఒప్పుకున్నాడనుకోండి. కోటు కుట్టగానే ఇచ్చేస్తానని, డబ్బుకు మూడు నెలలు గడువిస్తానని ఒప్పుకున్న దర్జీకి కోటు పట్టి ఉంచే హక్కు లేదని 170 కింద ఉదాహరణ ఉంది. అప్పుడు శ్రీను (ఐ)లోకి వెళ్లిపోతాడు.

మొదటి కథనమే నిజమై శ్రీను దోషిగా తేలితే ప్రొవైజో దగ్గరికి రావాలి. విలువ ఐదు వేల లోపే, ఇదే మొదటిసారి, ఫోను తిరిగి దుకాణదారు చేతికిచ్చాడు, శిక్ష సమాజ సేవ. ప్రొవైజోలో లెక్కకొచ్చేది దొంగిలించిన సొత్తు విలువ, అంటే 4,500. బాకీ పడ్డ 800 కాదు. ఇక ఘటన తేదీ కూడా చూడాలి. ఇదే సంగతి 2024 జూన్ 30న జరిగి ఉంటే జవాబులో రాయాల్సినవి 378, 379. ఆ 379లో మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి తప్ప రెండోసారికి కనీస శిక్షా లేదు, ఐదు వేల ప్రొవైజో కూడా లేదు. అందుకే నోట్సు పేజీ నెత్తిన రెండు నంబర్లూ, మధ్యలో ఆ జులై 1 తేదీ ఉండాలి.